మేడ మీద వాటా ఖాళీ చేస్తున్నట్టు నోటీసు (ఇంగ్లీషు కాగితానికి తెలుగు)

హైదరాబాద్,
1 నవంబరు 2025, శనివారం

గౌరవనీయులైన మాస్టారు గారికి,

మేడ మీద వాటాలో అద్దెకు ఉంటున్న మాధవి, శ్రీకాంత్ నమస్కరించి రాస్తున్నది.

మన అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంది కాబట్టి దాని పద్ధతి ప్రకారం ఈ నోటీసు కూడా ఇంగ్లీషులోనే రాసి సంతకాలు పెట్టాం. ఒక కాపీ మీ అబ్బాయి గారికి మెయిల్ చేశాం. అసలు కాగితం దీని వెనకే పిన్ చేసి ఉంది. కానీ ఇల్లు మీది, సంతకం పెట్టాల్సింది మీరు. ఎవరో చదివి చెబితే తప్ప మీకు అర్థం కాని కాగితం మీ చేతిలో పెట్టడం మాకు నచ్చలేదు. అందుకే అదే విషయాన్ని పెద్ద అక్షరాల్లో తెలుగులో రాశాం. రెండింటిలో ఎక్కడైనా తేడా అనిపిస్తే ఈ తెలుగులో ఉన్నదే మా మాట. ఈ సంగతి ఇంగ్లీషు కాగితం చివర కూడా రాశాం.

నోటీసు అనే మాట చూసి కంగారు పడకండి. గొడవేమీ లేదు, మీ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. శ్రీకాంత్‌కి విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్ అయింది, డిసెంబరు మొదటి వారంలో అక్కడ చేరాలి. అందువల్ల 30 నవంబరు 2025, ఆదివారం సాయంత్రానికల్లా వాటా ఖాళీ చేసి తాళాలు మీకు అప్పజెబుతాం.

2022 జూన్ 1న ఈ ఇంట్లో దిగాం. పదకొండేసి నెలలకు అగ్రిమెంటు తిరగరాసుకుంటూ వచ్చాం. ఇప్పుడు నడుస్తున్నది నాలుగోది, 2026 జనవరి 31 దాకా గడువుంది. గడువుకు ముందే వెళ్లాల్సి వస్తే ఇద్దరిలో ఎవరైనా నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. నెలవారీ అద్దె ఇంటికి ఒప్పందంలో గడువేమీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు సరిపోతుంది. మనం నెల అని రాసుకున్నాం, కాబట్టి నెలే పాటిస్తున్నాం.

నవంబరు అద్దె 12,500 రూపాయలు ఎప్పటిలాగే 5వ తేదీన మీ ఖాతాలో వేస్తాం. అడ్వాన్సులో పట్టుకోమని అడగం. చివరి నెల అద్దె ఎగ్గొట్టి అడ్వాన్సులో సర్దుకోమనేవాళ్లు ఉంటారు, అది మాకు ఇష్టం లేదు.

డబ్బు లెక్క మాత్రం నిదానంగా చదవండి. ఇంగ్లీషు కాగితంలో 'సెక్యూరిటీ డిపాజిట్' అని ఉన్నది మనం మాట్లాడుకునే అడ్వాన్సే. దిగేటప్పుడు మీకు ఇచ్చినది 22,000. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం 6,000 పట్టుకోవచ్చని అగ్రిమెంటులో ఉంది, అది మీరు ఉంచుకోండి. మిగిలేది 16,000. మా మీటరుకు నవంబరు కరెంటు బిల్లు మేం వెళ్లిపోయాకే వస్తుంది. ఈ మధ్య నెలకు 900 దాటలేదు కాబట్టి అందుకని 1,000 మీ దగ్గరే ఉంచండి. తాళాలు ఇచ్చిన రోజున మాకు ఇవ్వాల్సింది 15,000. బిల్లు వచ్చాక ఆ 1,000లో మిగిలితే మా ఖాతాలో వేయండి, తక్కువైతే మేం పంపుతాం. 30వ తేదీన మీటరు రీడింగు ఇద్దరం కలిసి చూసి ఈ కాగితం వెనక రాసుకుందాం. మీరు మెట్లెక్కనక్కర్లేదు, మీటరు కిందే ఉంది. 15,000 ఒక్కసారిగా సర్దుబాటు కాకపోతే మొహమాటపడకుండా ముందే చెప్పండి, రెండు విడతలుగా ఇచ్చినా మాకు ఇబ్బంది లేదు.

ఇంగ్లీషులో 'నార్మల్ వేర్ అండ్ టేర్' అని ఒక మాట ఉంది. మామూలు వాడకంలో అరిగినవి, పాతబడినవి అని దాని అర్థం, వాటికి అద్దెకున్నవాళ్లు డబ్బు కట్టక్కర్లేదు. కానీ వంటగట్టు అంచున పగిలిన టైలు అలాంటిది కాదు. రోలు జారి మా చేతుల మీదుగానే పగిలింది. మూలన నాలుగు వేళ్ల వెడల్పున ముక్క ఊడిపోయింది. మేం వెళ్లేలోగా కొత్త టైలు వేయిస్తాం. అదే రంగు దొరక్కపోతే మీకు చూపించి, మీరు సరేనన్నదే వేయిస్తాం. హాల్లో మేకులు పీకి ఆ చిల్లులు పూడ్పిస్తాం. బాత్రూంలో గీజరు మేం కొన్నది, దాన్ని తీసుకెళతాం. పైపులకు మూతలు బిగించి నీరు కారకుండా చూసే పూచీ మాది. మూడు ఫ్యాన్లు, నాలుగు ట్యూబులైట్లు, వంటింటి అలమరా మీవి, ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. 9వ తేదీ ఆదివారం మీ అబ్బాయి గారికి వీడియో కాల్ చేసి ఇల్లంతా చూపిస్తాం. ఇంకేమైనా బాగు చేయించాలంటే ఆ రోజే చెబితే మాకు మూడు వారాలు టైముంటుంది.

ఇక నీళ్ల సంగతి. ఇది ఇంగ్లీషు కాగితంలో లేదు, మాకు మాత్రం దీని గురించే టెన్షన్. ఇన్నాళ్లూ మోటారు వేసి ట్యాంకు నిండాక కట్టేసింది మేమే. మెట్ల కింద రెండు వాల్వులు ఉన్నాయి. ఎర్ర పిడి ఉన్నది మీ వాటాకు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. నల్ల పిడిది మేడ మీదకు. అది బాగా బిగుసుకుపోయి ఉంటుంది, మీరు తిప్పవద్దు. వెళ్లేముందు ప్లంబరును పిలిచి మార్పిస్తాం, ఆ ఖర్చు మాది. ట్యాంకు నిండగానే మోటారు తనంతట తానే ఆగేలా ఫ్లోటు స్విచ్ కూడా పెట్టమంటాం. కొత్తవాళ్లు దిగే వరకు మీరు గానీ, అమ్మగారు గానీ మేడ ఎక్కాల్సిన పని ఉండకూడదు.

టు-లెట్ బోర్డు రేపే పెట్టుకోండి. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లను సాయంత్రం ఐదు దాటాక పంపండి, ఆదివారమైతే ఎప్పుడైనా సరే. ముందు ఒక్క ఫోను చేస్తే చాలు. తాళాలు మూడు జతలు, ఒకటి పనమ్మాయి దగ్గర ఉంది, అదీ తీసుకుని మూడూ మీకే ఇస్తాం. గ్యాసు, బ్యాంకు, ఆధార్‌లలో అడ్రసు మార్చుకుంటాం. అప్పటిదాకా మా పేరున ఉత్తరాలేమైనా వస్తే పక్కన పెట్టండి, మా తమ్ముడు వచ్చి తీసుకెళతాడు.

కింద మీరు పెట్టే సంతకం కాగితం అందిందని చెప్పడానికి మాత్రమే. లెక్కకు ఒప్పుకున్నట్టు కాదు. మీ అబ్బాయి గారితో మాట్లాడి నిదానంగా పెట్టండి. లెక్కలో ఏదైనా సరిగా లేదనిపిస్తే పిలవండి, కిందకు వచ్చి కూర్చుని మాట్లాడతాం.

ఇట్లు,
మాధవి, శ్రీకాంత్
(మేడ మీద వాటా)

ఈ నోటీసు తెలుగు ప్రతి, ఇంగ్లీషు ప్రతి రెండూ 1 నవంబరు 2025న నా చేతికి అందాయి.
ఇంటి యజమాని సంతకం