టీనేజ్ పిల్లలు కెరీర్ వెతుక్కుంటుంటే కన్నవాళ్లు చేయాల్సింది

పదిహేనేళ్ల అమ్మాయితో కెరీర్ మాట ఎత్తే ముందు మీరు ఒంటరిగా కూర్చుని కొన్ని సంగతులు రాసుకోండి. ఆ వయసులో మీరు ఏం కావాలనుకున్నారు? ఎందుకు కాలేదు? డబ్బు లేకనా, ఇంట్లో ఒప్పుకోకనా, మార్కులు రాకనా? ఆ బాధను దాచుకోనక్కర్లేదు. "నాకు డాక్టర్ అవ్వాలని ఉండేది, కుదరలేదు" అని తనకి చెప్పండి. "అందుకే నువ్వైనా..." అని మాత్రం పొడిగించకండి. పైకి అనకపోయినా పిల్లలు పసిగట్టేస్తారు. డాక్టర్ అనగానే మీ మొహం విప్పారి, యానిమేషన్ అనగానే "చూద్దాంలే" అంటే, తను ఆ ఊసు మళ్లీ మీ దగ్గర ఎత్తదు.

ఏదీ వెతకకుండానే పెద్దలు చూపిన దారి పట్టేసే పిల్లల గురించి మనస్తత్వవేత్త జేమ్స్ మార్సియా 1966లోనే రాశాడు. అలాంటి పిల్లలు పైకి చాలా స్పష్టంగా ఉన్నట్టు కనిపిస్తారు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మనకి టెన్షన్ అంతా ఎటూ తేల్చుకోలేని పిల్లల గురించే. కానీ కెరీర్ ఎంపికల మీద పరిశోధించిన మనస్తత్వవేత్త డోనల్డ్ సూపర్ లెక్కలో సుమారు 15 నుంచి 24 ఏళ్ల దాకా అన్వేషణ దశే. ఆ తికమక సహజం.

"ఏమవుతావు?" అని అడిగితే ఏదో ఒక ఉద్యోగం పేరు చెప్పి తప్పించుకుంటారు. తను చేస్తున్న పని గురించి అడగండి. రాత్రి దాకా వీడియోలు ఎడిట్ చేస్తోందనుకుందాం. అందులో తనకి నచ్చేది ఏది? కథ అల్లడమా, రంగులు సరిచేయడమా, సాఫ్ట్‌వేర్ లోతులు తెలుసుకోవడమా, చూసినవాళ్లు మెచ్చుకోవడమా? ఒక్కో జవాబు ఒక్కో రంగం వైపు తీసుకెళ్తుంది. ఆసక్తుల్ని ఆరు రకాలుగా చూసే మనస్తత్వవేత్త జాన్ హాలండ్ పద్ధతి పరీక్ష రాయించినా మంచిదే. ఫలితాన్ని తీర్పులా కాకుండా మాట్లాడుకోవడానికి వాడుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది, ఆ పని చేసేవాళ్ల పక్కన ఒక రోజు గడపడం. మీకు ఇష్టమైన రంగాల్లోని స్నేహితుల దగ్గరికే పంపకండి. "నిన్న మీ రోజు ఎలా గడిచింది? ఈ పనిలో బాగా విసుగొచ్చేది ఏది? చేతికి నిలకడగా డబ్బు రావడానికి ఎన్నాళ్లు పట్టింది?" లాంటి ప్రశ్నలు తననే అడగనివ్వండి. మీరు ఆ గదిలో లేకపోతేనే తను నోరు విప్పుతుంది.

ఫీజు ఎంతవరకు కట్టగలరో, అప్పు చేయడానికి సిద్ధమో కాదో దాచకుండా చెప్పండి. ఇంటి పరిస్థితి చెప్పడం ఒత్తిడి పెట్టడం కాదు. డబ్బు ఉండి కూడా లేదని సాకు చూపి మీకు నచ్చని కోర్సు మాన్పించడం మాత్రం ఒత్తిడే.

మూడు నెలలకే మనసు మార్చుకుంటే "అప్పుడే?" అనకండి. అందులో ఏం నచ్చలేదో అడిగి, ఆ జవాబును బట్టి తర్వాత ఎవరిని కలవాలో ఇద్దరూ కలిసి అనుకోండి.