పేర్చిన కమ్మీ చిత్రం: అడిగిన భాగం ఎంత శాతం?

కింద మాటల్లో వివరించిన కమ్మీ చిత్రం ఒక మండలంలోని నాలుగు గ్రామాల్లో వానాకాలంలో సాగైన మూడు పంటల విస్తీర్ణాన్ని ఎకరాల్లో చూపుతుంది. అంకెలన్నీ అభ్యాసం కోసం ఊహించినవే. నిలువు అక్షంపై ఒక సెంటీమీటరు 100 ఎకరాలకు, ఒక మిల్లీమీటరు 10 ఎకరాలకు సమానం. ప్రతి కమ్మీలో అడుగు భాగం వరిని, మధ్య భాగం పత్తిని, పై భాగం మొక్కజొన్నను సూచిస్తాయి.

రామాపురం కమ్మీలో వరి 480 వద్ద, పత్తి 720 వద్ద, మొక్కజొన్న 800 వద్ద ముగుస్తాయి. కొత్తపల్లిలో ఈ అంచులు వరుసగా 230, 650, 750 వద్ద, లక్ష్మీపురంలో 360, 540, 600 వద్ద, గోపాలపురంలో 190, 400, 500 వద్ద ఉన్నాయి.

ప్రశ్న 1. రామాపురంలో సాగైన మొత్తం విస్తీర్ణంలో పత్తి వాటా ఎంత శాతం?
(అ) 90 (ఆ) 30 (ఇ) 50 (ఈ) 24

సాధన: పత్తి భాగం పై అంచు 720 వద్ద ఉన్నంత మాత్రాన పత్తి 720 ఎకరాల్లో సాగైందని అర్థం కాదు. ఆ భాగం సున్నా దగ్గర కాక, వరి ముగిసిన 480 దగ్గర మొదలైంది కనుక, పత్తి విస్తీర్ణం 720 – 480 = 240 ఎకరాలు అవుతుంది. రామాపురం మొత్తం విస్తీర్ణం కమ్మీ పూర్తి ఎత్తు, అంటే 800 ఎకరాలు.

240 ÷ 800 × 100 = 30

సమాధానం (ఆ). పై అంచునే విస్తీర్ణంగా తీసుకుంటే 720 ÷ 800 వల్ల 90 శాతం వస్తుంది. ఆ తొందరను పట్టుకోవడానికే (అ)లో 90ని ఉంచారు. పత్తిని మొత్తంతో కాక వరితో పోలిస్తే, అంటే 240ని 480తో భాగిస్తే, (ఇ)లోని 50 వస్తుంది. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు, ‘దేనిలో’ వాటా అడిగారో ప్రశ్నలోనే వెతికి పట్టుకోవాలి. హారం అక్కడే ఉంటుంది.

ప్రశ్న 2. నాలుగు గ్రామాల్లో సాగైన మొత్తం పత్తిలో కొత్తపల్లి వాటా ఎంత శాతం?

సాధన: ఇక్కడ హారం కొత్తపల్లి కమ్మీ ఎత్తు కాదు, నాలుగు కమ్మీల్లోని పత్తి భాగాల మొత్తం. ఆ భాగాలు వరుసగా 240, 420, 180, 210 ఎకరాలు. వాటి మొత్తం 1050 ఎకరాలు.

420 ÷ 1050 × 100 = 40

సమాధానం 40 శాతం. అదే 420 ఎకరాలను కొత్తపల్లి మొత్తం సాగు 750తో భాగిస్తే 56 శాతం వస్తుంది. లవం మారలేదు, చిత్రంలో చూస్తున్న భాగమూ మారలేదు. హారం ఒక్కటే మారింది. రెండు జవాబులూ తమతమ ప్రశ్నలకు సరైనవే కనుక, ఈ తరహా లెక్కల్లో గుణకార భాగాహారాల కన్నా ప్రశ్న చదవడానికే ఎక్కువ సమయం కేటాయించడం మంచిదని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న 3. మొక్కజొన్న భాగాలు సమాన పొడవులో ఉన్న రెండు గ్రామాలు ఏవి? ఆ రెంటిలో దేని మొత్తం సాగులో మొక్కజొన్న శాతం ఎక్కువ?

సాధన: కొత్తపల్లిలో 750 – 650, గోపాలపురంలో 500 – 400, రెండు చోట్లా 100 ఎకరాలే. కానీ కొత్తపల్లిలో అది 750లో 100, అంటే సుమారు 13.3 శాతం, గోపాలపురంలో 500లో 100, అంటే 20 శాతం. సమాధానం గోపాలపురం. దీనికి విరుద్ధమైన స్థితి రామాపురం, లక్ష్మీపురాల్లో కనిపిస్తుంది: పత్తి భాగాల పొడవులు 240, 180 ఎకరాలుగా వేరైనా, 800లో 240 గానీ 600లో 180 గానీ 30 శాతమే.

ప్రశ్న 4. కొత్తపల్లి, లక్ష్మీపురం గ్రామాలను కలిపి చూస్తే, మొత్తం సాగులో పత్తి ఎంత శాతం?

సాధన: విడివిడి శాతాలు 56, 30 కనుక వాటి సగటు 43 అని రాయాలనిపిస్తుంది. కమ్మీల ఎత్తులు సమానంగా ఉన్నప్పుడే ఆ దారి సరైన జవాబుకు చేరుస్తుంది. ఇక్కడ ఒకటి 750, మరొకటి 600 కాబట్టి శాతాలను పక్కనపెట్టి ఎకరాలనే కూడాలి: పత్తి 420 + 180 = 600, మొత్తం 750 + 600 = 1350.

600 ÷ 1350 × 100 = 44.44

సమాధానం సుమారు 44.4 శాతం. పెద్ద కమ్మీ అయిన కొత్తపల్లిలోనే పత్తి శాతం కూడా ఎక్కువ కావడం వల్ల, ఉమ్మడి శాతం 43ను దాటి దాని వైపు జరిగింది.