6వ తరగతి గణితం: ఏడాది మొదటి వర్క్‌షీట్, జవాబులు చూసి పిల్లల్ని గ్రూపులు చేసిన తీరు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, దేవరకొండ మండలం, నల్గొండ జిల్లా. సమయం 45 నిమిషాలు.

పిల్లలకు: దీనికి మార్కులు లేవు. రానిది వదిలేయండి, పక్కవాళ్లది చూడకండి. లెక్క చేసింది చెరపొద్దు, తప్పయినా అలాగే ఉంచండి.

1. అంకెల్లో రాయండి: ఏడు వేల నలభై ఆరు
2. చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాయండి: 4,086, 4,806, 4,068, 4,680
3. 467 + 358
4. 503 − 278
5. 36 × 7
6. 618 ÷ 6
7. ఏది పెద్దది? 1/3, 1/4. ఎందుకో బొమ్మ గీసి చూపండి.
8. ఒక బస్తాలో 45 కిలోల బత్తాయిలు పడతాయి. 6 బస్తాల్లో ఎన్ని కిలోలు?
9. నోటుబుక్కు 35 రూపాయలు, పెన్ను 10 రూపాయలు. 4 నోటుబుక్కులు, 2 పెన్నులు కొంటే ఎంత ఇవ్వాలి?
10. బస్సు 9:40కి బయలుదేరి 11:15కి చేరింది. ప్రయాణానికి ఎంతసేపు పట్టింది?

జవాబులు: 7,046, 4,068–4,086–4,680–4,806, 825, 225, 252, 103, 1/3, 270 కిలోలు, 160 రూపాయలు, 1 గంట 35 నిమిషాలు.

టీచర్ నోటు

34 మందిలో 31 మంది రాశారు. మిగతా ముగ్గురు పత్తి విత్తనాలు పెట్టే పనికి ఇంట్లో వాళ్లతో వెళ్లారు. వచ్చిన రోజే వాళ్లతోనూ రాయించాలి.

మొదట అలవాటుగా పదికి ఎన్ని వచ్చాయో లెక్కేశాను. రోల్ నంబర్ 8కి ఏడు, 21కీ ఏడు. ఒకే గ్రూపులో వేసేద్దామనుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. 8 నంబరు పిల్లాడు పోగొట్టుకున్నది 4, 6, 7. 21 నంబరు పాప లెక్కలన్నీ సరిగ్గా చేసి 8, 9, 10 ఖాళీగా వదిలేసింది. పిలిచి తొమ్మిదో ప్రశ్న నేనే చదివి వినిపించాను. నోటితోనే 160 అంది! ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, తెలుగు వాక్యం దగ్గర ఆగిపోతోంది, అంతే. ఇలాంటి వాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఆ తర్వాత మొత్తాలు పక్కన పడేసి, తప్పు జవాబులు మాత్రమే చూశాను.

నాలుగో ప్రశ్నలో 17 తప్పులు. 9 మంది 375 అని రాశారు. అంటే ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు. పైది ఏదో, కిందిది ఏదో చూడలేదు. ఐదుగురు 235 రాశారు. వీళ్లకు అప్పు తీసుకోవడం వచ్చు, వందను విప్పి పది పదులు చేశారు, అందులోంచి ఒక పదిని ఒకట్లకు ఇచ్చి, ఆ పదిని తగ్గించడం మరిచారు. రెండూ తప్పే అయినా, ఒకళ్లకు చెప్పే పాఠం ఇంకొకళ్లకు పనికిరాదు. ముగ్గురు అసలు ముట్టుకోలేదు.

ఆరో ప్రశ్న 20 మందికి తప్పింది. 14 మంది 13 అని రాశారు, ఆరుగురు ఖాళీ. ఏడులో 22 మంది 1/4 పెద్దదన్నారు, నాలుగు మూడుకన్నా పెద్దదే కదా మరి. పదిలో "1 గంట 75 నిమిషాలు" చూసి నవ్వొచ్చింది, కానీ తీసివేతగా చూస్తే అది పక్కా లెక్క.

గ్రూపులు (తెలివి, మొద్దు అనే వాసన రాకుండా చెట్ల పేర్లు పెట్టాను):

తంగేడు, 12 మంది: 375 వాళ్లు, నాలుగో ప్రశ్న వదిలేసిన ముగ్గురు. ఆరూ, ఏడూ కూడా వీళ్లకు రాలేదు. కానీ ముందు స్థాన విలువే. చీపురు పుల్లలు పదేసి కట్టలు, పది కట్టలు కలిపి పెద్ద కట్ట. 503ను పుల్లలతో పేర్చి, పెద్ద కట్ట విప్పకుండా 278 ఇవ్వమంటాను, కుదరదని వాళ్లకే తెలియాలి. చేతికి అందాకే పలక మీదికి.

వేప, 10 మంది: 235 రాసిన ఐదుగురూ ఇందులోనే. భాగహారంలో సున్నా, భిన్నాలు వీళ్ల పని. ఆరు వంద నోట్లు, ఒక పది, ఎనిమిది రూపాయి బిళ్లలు ఆరుగురికి పంచాలి. పది నోటు ఎవరికీ రాదు, ఆ చోట సున్నా రాసి, దాన్ని రూపాయి బిళ్లలుగా మార్చి పంచాలి. భిన్నాలకు జొన్న రొట్టె: ముగ్గురికి పంచితే ముక్క పెద్దదా, నలుగురికి పంచితేనా? కాగితం మడతల కన్నా ఇది త్వరగా ఎక్కుతుంది.

చింత, 6 మంది: దాదాపు అన్నీ వచ్చు. వీళ్లను రోజూ తంగేడు దగ్గర చిన్న టీచర్లుగా కూర్చోబెట్టను, వాళ్లకూ కొత్త లెక్కలు కావాలి. వారంలో ఒక్కరోజు చాలు.

మిగిలిన ముగ్గురూ లెక్కకు చింతతోనే కూర్చుంటారు. రోజూ పది నిమిషాలు రాత లెక్కలు లంబాడీలో చెప్పుకుని, తర్వాత తెలుగులో చదువుతారు. తండా నుంచి వచ్చే పదో తరగతి అమ్మాయి సాయం చేస్తానంది.

గణితం పీరియడ్‌లో మొదటి 20 నిమిషాలు ఇదే, మూడు వారాలు. తర్వాత అంకెలు మార్చి మళ్లీ షీటు. నాలుగో ప్రశ్న 702 − 456. అందులో 354 ఎన్ని కాగితాల్లో కనిపిస్తుందో ముందు అదే చూస్తాను. కనిపించని వాళ్లు ఆ రోజే వేపలోకి మారతారు.