సంగీతం క్లాసు: మళ్లీ మళ్లీ పంపే జవాబులు

నేను పాఠంలో ఉన్నప్పుడు ఫోన్ చూసేవాళ్లకు: షార్ట్‌కట్ టైప్ చేస్తే జవాబు వచ్చేస్తుంది. పంపే ముందు, మెసేజ్ పెట్టినవాళ్లు అడిగింది పూర్తిగా చదవండి. పెద్దవాళ్లయితే ముందు నమస్కారం మీరే రాయండి, అది సేవ్ చేసి పంపేది కాదు.

`/daari`
మా ఇల్లు పద్మావతిపురంలోనండీ. రైల్వే స్టేషన్‌లో దిగినా, ఆర్టీసీ బస్టాండులో దిగినా తిరుచానూరు వైపు వెళ్లే బస్సు గానీ షేర్ ఆటో గానీ ఎక్కండి. అమ్మవారి గుడి దాకా పోవద్దు, దానికి ముందే పద్మావతిపురంలో దిగాలి. నీళ్ల ట్యాంకు పక్క సందులో మూడో ఇల్లు. కింద టైలర్ అంగడి, క్లాసు మిద్దె మీద. మ్యాప్ వెనక సందులోకి తీసుకుపోతుంది, అటు గేటు లేదు. మీ రైలు రేణిగుంటలోనే ఆగేదైతే అక్కడి నుంచి తిరుపతికి బస్సులున్నాయి, కాస్త ముందుగా బయలుదేరండి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు వస్తుంటే చెప్పండి, ఆ రోజు కింద వరండాలోనే కూర్చుందాం.

`/online`
శని, ఆదివారాలు ఉదయం 6:30కు జూమ్‌లో. లింకు గ్రూపులో పిన్ చేసి ఉంది, ప్రతి వారం అదే. తంబురా నాదాన్ని జూమ్ ఫ్యాను చప్పుడుగా లెక్కేసి తగ్గించేస్తుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో అయితే Settings లోని Audio లో Original sound for musicians ఎంచుకోండి, క్లాసులోకి వచ్చాక తెర పైన ఉన్న అదే బటన్ కూడా ఆన్ చేయండి. ఇయర్‌ఫోన్స్ వైరువే వాడండి, బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. నెట్‌లో అందరం కలిసి పాడితే తాళం కుదరదు కాబట్టి మ్యూట్‌లో ఉండి నాతోపాటు పాడండి. పిలిచినప్పుడు మాత్రం ఒక్కొక్కరే అన్‌మ్యూట్ చేయండి. గొంతు సన్నగా వచ్చినా పర్వాలేదు, శ్రుతి వింటూ పాడితే చాలు.

`/fees`
నెలకు 800 రూపాయలు, మొదటి వారంలో. ఇబ్బంది ఉంటే నాతో మాట్లాడండి, దాని కోసం పాప క్లాసు మాన్పించొద్దు.

`/keerthana`
నేరుగా కీర్తన నేర్పమని అడిగారు. పాప ఉత్సాహం అర్థమవుతుందండీ, కానీ సరళీ స్వరాలతోనే మొదలుపెడతాను. అవి మాయామాళవగౌళలో ఉంటాయి. ఆ రాగంలో స నుంచి మ దాకా ఉన్న నడకే ప నుంచి పై స దాకా మళ్లీ వస్తుంది, అందుకే పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, నిలకడగా పాడగలిగాక జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు. ఆ తర్వాత కీర్తన పాడితే అందులో ప్రతి స్వరం తనకు తెలిసిందే అయి ఉంటుంది. తొందరపెట్టకండి.

`/panchami`
తిరుచానూరు బ్రహ్మోత్సవాల చివరి రోజు పంచమి తీర్థం. ఆ రద్దీలో పిల్లల్ని మా ఇంటికి పంపొద్దు. ఆ రోజు క్లాసు అందరికీ ఆన్‌లైన్‌లోనే, లింకు మారదు.