వీణ తొట్టెల నాటి ప్రార్థన

ఇరవై ఒకటో రోజు, హన్మకొండ కుమార్‌పల్లిలో బాలింత తల్లిగారింట్లో, పొద్దున తొమ్మిదిన్నరకు చదవడానికి రాసింది. పాప రోహిణి మూడో పాదంలో పుట్టింది, అందుకే ‘వీ’ అక్షరం. పిలుపు పేరు వీణ. ఇలవేల్పు ఐనవోలు మల్లన్న పేరు మీద మల్లీశ్వరి. నింపాదిగా చదివినా పావుగంటలో అయిపోతుంది. పాపకు పాలు పట్టి, తేన్పు వచ్చాకనే మొదలుపెట్టాలి. ఆకలితో ఏడ్చే పిల్ల ముందు ఎవరి ప్రార్థనా వినపడదు.

ఇత్తడి తాంబాళంలో కిలో బియ్యం పోసి, వేలు మందాన సాపుగా సర్దాలి. అంతకన్నా పలుచనైతే అడుగు కనబడి అక్షరం చెదిరిపోతుంది. తాంబాళం నేల మీదనే ఉండాలి. ఒళ్లో పెట్టుకుంటే ‘వీ’ గుడిదీర్ఘం రాసేలోపే కుడి వైపు బియ్యం జారుతుంది. అక్షింతలు వేరే గిన్నెలో గుప్పెడు చాలు. దీపం తొట్టెలకు నాలుగడుగుల దూరంలో, ఊదు వాకిట్లో. పసిదాని ఊపిరికి ఆ పొగ పడదు.

దీపం వెలిగించి, తండ్రి:

గణపయ్యా, ముందుగా నీకు దండం. మా ఇంట్లోకి కొత్త మనిషి వచ్చింది. ఆమె దారిలో అడ్డొచ్చేవి తీసెయ్యి. తీయలేని అడ్డుంటే దాటే ఓపిక ఇయ్యి.

గోదావరికి కృష్ణకు నడుమ ఉన్న ఈ నేల మీద, ఓరుగల్లు భద్రకాళమ్మ చూపు పడే చోట, మా పెద్దలందరి ముందు, మా మొదటి బిడ్డకు ఈ పొద్దు పేరు పెడుతున్నాం. ఐనవోలు మల్లన్నా, నీ పేరు కూడా ఆమె పేరులో కలుపుతున్నాం. మేడారం సమ్మక్క తల్లీ, సారలమ్మ తల్లీ, వచ్చే జాతరకు బిడ్డనెత్తుకొని వస్తాం, ఆమె ఎత్తు బెల్లం బంగారం తూకం వేసి గద్దెకు ఇస్తాం. అప్పటిదాకా మా బిడ్డ మీ బిడ్డ.

అందరూ: సల్లంగుండు బిడ్డా!

తల్లి, పాపను ఒళ్లో పెట్టుకొని:

అమ్మా భద్రకాళీ, నొప్పులు పడ్డ రాత్రి నిన్నే తలుచుకున్న. ఇద్దరినీ ఒడ్డుకు చేర్చినవు. ఇంతకన్నా పెద్ద కోరికలు ఈ రోజు అడగను.

నా బిడ్డకు కడుపునిండా పాలు, కంటినిండా నిద్ర ఇయ్యి. టీకా వేయించిన రాత్రి జ్వరమొస్తే తెల్లారేసరికి తగ్గించు. పళ్లొచ్చేటప్పుడు, నడక నేర్చి పడ్డప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండేటట్టు చూడు. బడికి పోయిన పిల్ల నవ్వుకుంట ఇంటికి రావాలె. ఏటా బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చి తన చేతులతో పేర్చుకోవాలె. ఆడపిల్లే కదా అని తక్కువ చేసే మాట ఈ గడప లోపల పుట్టొద్దు. ఎవరి నోటి నుంచైనా వస్తే, ఎదురు చెప్పే ధైర్యం ముందు నాకే ఇయ్యి.

అందరూ: సల్లంగుండు బిడ్డా!

ఇప్పుడు తండ్రి బంగారు ఉంగరంతో బియ్యం మీద రాస్తాడు. పైన ‘శ్రీ’, కింద ‘మల్లీశ్వరి’, దాని కింద పెద్దగా ‘వీణ’. రాసినంతసేపు ఎవరూ మాట్లాడకుండా ఉంటే మంచిది గానీ, పిల్లలున్న ఇంట్లో అది సాగదు, సాగకపోయినా పర్వాలేదు. రాయడం అయ్యాక ఉంగరం వెంటనే వేలికి తొడుక్కోవాలి. బియ్యంలో వదిలేస్తే సాయంత్రం దాకా వెతుకులాటే.

పేరు చెప్పేది మేనత్త. తమలపాకును దోనెలా వంచి పాప కుడి చెవి పక్కన అడ్డం పెట్టి, చెవికి తగలకుండా, గుసగుసకన్నా కాస్త గట్టిగా మూడుసార్లు చెప్పాలి. డప్పుల వాళ్లను అప్పటిదాకా గేటు అవతలే ఉండమనాలి. పేరు వినపడే వేళ దెబ్బ పడితే పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది, తర్వాత ఊరుకోబెట్టడంతోనే ముహూర్తం గడిచిపోతుంది. నాలుకకు తేనె రాయొద్దు. ఏడాది లోపు పసివాళ్ల పేగుల్లో, తేనె వెంట వచ్చే బొటులినం సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేయగలదు. ‘మా కాలంలో అందరికీ రాసినం’ అనే పెద్దవాళ్లుంటే, ఆ తేనె బొట్టు బాలింత చేతిలో వేసి నాకమనండి, వాళ్ల మాటా దక్కుతుంది.

మేనత్త, చెవి దగ్గర:

మల్లీశ్వరీ. నీ దేవుడు నిన్ను పిలిచే పేరు ఇది.

వీణా. మేం నిన్ను పిలిచే పేరు ఇది.

వీణా. ఎంత దూరం పోయినా, ఈ పేరు పెట్టి పిలిస్తే ఇది మన ఇల్లే అనుకో.

వీణా. కోపంతో నిన్ను పిలవాల్సి వచ్చినా ఈ పేరే పిలుస్తాం, వేరే మాట వాడం.

అందరూ, అక్షింతలు పాప కాళ్ల మీద వేస్తూ: నూరేండ్లు బతుకు వీణా, సల్లంగుండు!

అక్షింతలు ముఖం మీద వేయకూడదు. కంట్లో, నోట్లో పడతాయి.

తొట్టెల కొక్కేన్ని ముందు రోజు రాత్రే ఐదు కిలోల బియ్యం సంచి వేసి ఊపి చూసి ఉండాలి. ముడి జారేదైతే అప్పుడే జారుతుంది. ముందు పొత్రాన్ని ఊపే ఆనవాయితీ ఉన్నవాళ్లు ఊపి, దాన్ని తీసేశాకనే పాపను వెల్లకిలా పడుకోబెట్టాలి. తలగడ వద్దు, విడి నాణేలు, పూసల దండలు వద్దు. కానుకలు ఎవరివైనా పక్క పళ్లెంలోకి.

బాపమ్మ, తొట్టెల తాడు పట్టి:

ఊగు వీణమ్మా ఊగు. నీ ముత్తాతలు దున్నిన జనగామ చెల్కలు చల్లంగుండాలె. వానలు వేళకు పడాలె. నీ నాయిన చేతికి పని ఉండాలె, నీ అమ్మకు ఆరాం ఉండాలె.

పెద్దోళ్లం మేం ఒక మాట ఇస్తున్నం. నువ్వు డాక్టరు కావాలె, ఇంజనీరు కావాలె అని ఇప్పటి నుంచే నీ నెత్తిన మూట పెట్టం. నీకు నచ్చిన పని, నువ్వు కష్టపడి చేసుకో. ఓడిన రోజు తిన్నగా ఇంటికి రా. అన్నం పెడతం, తర్వాత మాట్లాడుకుందాం.

అమ్మమ్మ:

బాలింతవు బిడ్డా, నువ్వూ చల్లంగుండాలె. పిల్లకు దండం పెట్టినట్టే నీకూ పెడుతున్న. రాత్రి లేవలేనప్పుడు మమ్మల్ని లేపు, మొహమాటపడకు.

అందరూ: తల్లీ పిల్లా సల్లంగుండాలె!

ఆ తర్వాత బావి పూజ. చేదబావి లేదు కాబట్టి పెరట్లో బోరు నల్లాకు పసుపు, కుంకుమ పెట్టి, బాలింత చిన్న చెంబెడు నీళ్లు పట్టుకొస్తుంది. నిండు బిందె ఎత్తనీయొద్దు, ఆపరేషన్ కాన్పు కుట్లు ఇంకా పచ్చిగానే ఉంటాయి. నల్లా దగ్గర తల్లి చెప్పేది ఒక్క మాటే: *గంగమ్మా, నా బిడ్డ గొంతు ఎన్నడూ ఎండనీయకు.*

వచ్చిన నలభై మందికీ శనగ గుగ్గిళ్లు. కిలో శనగలు రాత్రే నానబెట్టాలి, పొద్దున గుర్తొచ్చి నానేస్తే ఎంత ఉడికినా పలుకుగానే ఉంటాయి. ఒక్కొక్కరికి గుప్పెడు గుగ్గిళ్లు, చిన్న కుడుక ముక్క. పేరు రాసిన బియ్యాన్ని చాటలోకి వంపి, మరుసటి రోజు బెల్లం వేసి పరమాన్నం వండి ఇంటిల్లిపాదీ తినాలి, మొదటి ముద్ద బాలింతకు.