సివిల్ జూనియర్లకు, వెళ్లేముందు నాలుగు మాటలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

ఫేర్‌వెల్ రోజు స్టేజీ ఎక్కి మాట్లాడమంటే 'అందరికీ థాంక్స్' అని చెప్పి దిగిపోయాను. డీజే అన్న అప్పటికే పాట రెడీగా పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఆయన మొహం చూశాక మైక్ పట్టుకుని నిలబడటానికి మనసొప్పలేదు. అందుకే గ్రూపులో రాస్తున్నా. కాస్త పొడుగైంది. ఇప్పుడు తీరిక లేకపోతే ఇంటర్నల్స్ అయ్యాక చదవండి, ఏం కాదు.

ఈ నాలుగేళ్లలో నేను గమనించింది ఒకటే. మన డిపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్ల పని అవుతుంది. ర్యాంకు ఎంత, ఇంగ్లీష్ ఎంత బాగా వచ్చు అన్నవి ఆ తర్వాతి లెక్కలు. మీలో సగం మంది నాలాగే పరకాల, జమ్మికుంట, ములుగు వైపు ఊళ్ల నుంచి వచ్చారు. 'అడిగితే ఏమనుకుంటారో' అనే బిడియం మనకు కొంచెం ఎక్కువ. ఏమీ అనుకోరు. అనుకున్నా సాయంత్రానికి మర్చిపోతారు.

ముందుగా సర్వే ల్యాబ్‌లో అటెండర్ అన్నను అడగండి. ఏ ఆటో లెవెల్‌లో బుడగ సరిగ్గా నిలవదో, ఏ ట్రైపాడ్ కాలు స్క్రూ లూజో, ఏ స్టాఫ్ మీద అంకెలు చెరిగిపోయాయో ఆయనకు కంఠస్థం. 'అన్నా, చాయ్ తాగినవా' అని పలకరించి, మంచి ఇన్‌స్ట్రుమెంట్ ఏదో అడిగి తీసుకోండి. మధ్యాహ్నం ఎండలో గ్రౌండ్‌లో పడే తిప్పలు సగం తగ్గుతాయి.

ఫీల్డ్ బుక్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. తప్పు రీడింగ్ పడితే రబ్బరుతో తుడవద్దు. ఒక గీత కొట్టి పైన సరైనది రాయండి. తుడిచిన పేజీని చూస్తే ఎగ్జామినర్‌కు 'రీడింగులు కూర్చుని కల్పించారా' అని అనుమానం వస్తుంది. కొట్టేసి రాసిన పేజీ చూస్తే గ్రౌండ్‌కు పోయి చేశారని తెలుస్తుంది. లెవెలింగ్ అయ్యాక బ్యాక్ సైట్ల మొత్తంలోంచి ఫోర్ సైట్ల మొత్తం తీసేయండి. చివరి ఆర్‌ఎల్‌కూ మొదటి ఆర్‌ఎల్‌కూ ఉన్న తేడాతో అది సరిపోవాలి. చెట్టు కింద కూర్చుని అక్కడే ఈ లెక్క చూసుకోండి. హాస్టల్‌కు వచ్చాక తేడా కనిపిస్తే మళ్లీ గ్రౌండ్‌కు ఎవరొస్తారు?

ఫైనలియర్‌లో ప్రాజెక్టుకు కాంక్రీట్ క్యూబ్‌లు పోసేవాళ్లు క్యాలెండర్ పక్కన పెట్టుకుని పోయండి. 28వ రోజు ఏ తేదీన పడుతుందో ముందే చూసుకోవాలి. అది బతుకమ్మ సెలవుల్లో పడిందనుకోండి, క్యూబ్‌లు ఇక్కడ నీళ్లతొట్టిలో ఉంటాయి, మీరు ఊళ్లో ఉంటారు, ల్యాబ్‌కు తాళం ఉంటుంది. నవ్వకండి, ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి జరిగేదే ఇది.

ఈ-పాస్ స్కాలర్‌షిప్ ఏటా రెన్యువల్ చేసుకోవాలి. చివరి తేదీ దాకా ఆగితే సర్వర్ బిజీ, మీసేవలో లైను, టెన్షన్. ఫీజు విషయంలో ఆఫీసులో ఏదైనా తేడా వస్తే ఒక్కరే వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి. నలుగురికి చెప్పే జవాబు కొంచెం మర్యాదగా ఉంటుంది.

బ్యాక్‌లాగ్ ఉంటే ఇంట్లో మీరే చెప్పండి. పక్కింటివాళ్ల అబ్బాయి ద్వారా తెలిస్తే నాన్న బాధ రెట్టింపవుతుంది. ఒకరోజు తిడతారు, మరుసటి రోజు 'తిన్నవా బిడ్డా' అని ఫోన్ చేస్తారు. సప్లీ రాసి పాసై మంచి ఉద్యోగాల్లో ఉన్న మన సీనియర్లు బోలెడంత మంది. వాళ్ల నంబర్లు నా దగ్గర ఉన్నాయి. కావాలంటే వాళ్లను అడిగి మీకిస్తా.

సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌కు పోయేవాళ్లను ఎగతాళి చేయొద్దు. గేట్ అని, ఏఈఈ అని ఏళ్ల తరబడి పుస్తకాల ముందు కూర్చునేవాళ్లనూ వద్దు. ఎవరింటి పరిస్థితి వాళ్లది. నాకు మాత్రం సైటే ఇష్టం. దుమ్మూ ఎండా అలవాటైపోయాయి. జీతం తక్కువే అయినా వచ్చే నెల ఒక సైట్‌లో చేరుతున్నా.

ఇక రామప్ప. వరంగల్‌లో నాలుగేళ్లు ఉండి, ఒక్కసారి కూడా రామప్ప చూడకుండా వెళ్లిపోయే సివిల్ స్టూడెంట్ ఉంటాడంటే నేను నమ్మలేకపోయేదాన్ని. కానీ ఉన్నారు, మా బ్యాచ్‌లోనే. మీరు అలా చేయకండి. హనుమకొండ బస్టాండ్ నుంచి ములుగు బస్సెక్కండి, అక్కడి నుంచి పాలంపేట దగ్గరే. 1213 నాటి గుడి అది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఫొటోలు దిగండి, వద్దనను. అవి అయ్యాక కాసేపు నేల వంక చూడండి. అక్కడక్కడా కుంగి, ఎగుడుదిగుడుగా ఉంటుంది. తల ఎత్తి దూలాలు చూడండి, కొన్ని బీటలు వారి ఉంటాయి. అయినా గుడి నిలబడే ఉంది. పునాది కింద ఇసుక నింపి పైన కట్టారు, గోపురానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. సాయిల్ మెకానిక్స్ పుస్తకంలో నిద్ర తెప్పించే సెటిల్‌మెంట్ చాప్టర్ అక్కడ రాతి నేల మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. థర్డియర్‌లో ఆ సబ్జెక్టు మొదలయ్యాక వెళ్తే ఇంకా బాగుంటుంది. వేయిస్తంభాల గుడి ఊళ్లోనే ఉంది కాబట్టి దాని గురించి వేరే చెప్పను.

బతుకమ్మ మాత్రం మన బ్యాచ్‌ల వరుస తప్పనీయకండి. సెలవులిచ్చేలోపే డిపార్ట్‌మెంట్ ముందు ఆడాలి. తంగేడు, గునుగు తెచ్చే పని తమ్ముళ్లదే. ఎవరి చేనులో దిగినా ఆ పెద్దాయన్ను అడిగి కోయండి. పేర్చడం రాదని ఫస్టియర్ చెల్లెళ్లను పక్కన కూర్చోబెట్టొద్దు. వంకరగా వచ్చినా వాళ్లతోనే ఒక వరుస పేర్పించండి.

మిమ్మల్ని దీవించేంత వయసు నాకు లేదు. మీకంటే రెండేళ్లో మూడేళ్లో పెద్ద, అంతే. కానీ నోరారా 'అక్కా' అని పిలిచారు కదా, ఆ చనువుతో అంటున్నా. సమ్మక్క సారలమ్మ తల్లులు, భద్రకాళి అమ్మ మిమ్మల్ని సల్లగ చూడాలి. అనుకున్న పని అందాలి, అనుకోని మంచి కూడా ఒకటి రెండు జరగాలి. ఇంట్లోవాళ్లు బాగుండాలి. రాత్రి బండ్ల మీద కాజీపేట స్టేషన్‌కు పోయేటప్పుడు పైలం, హెల్మెట్ లేకుండా పోవద్దు.

సామాన్ల సంగతి. నా మినీ డ్రాఫ్టర్, డ్రాయింగ్ బోర్డు, రెండు ఏప్రన్లు, పుస్తకాలు గర్ల్స్ హాస్టల్ వార్డెన్ మేడమ్ రూమ్ పక్కన అట్టపెట్టెలో పెట్టాను. ఐఎస్ 456 కోడ్ బుక్ కూడా అందులోనే ఉంది. అది నాకంటే ముందు ముగ్గురు సీనియర్ల చేతులు మారింది. టేబుల్ 19 ఉన్న పేజీ ఊడిపోతే టేపు వేశాను, జాగ్రత్త. పెన్సిల్‌తో రాసినవి పరీక్షకు ముందు తుడిచేయండి, ఇన్విజిలేటర్ చూస్తే కోడ్ లాగేసుకుంటారు. పరీక్ష అయ్యాక మళ్లీ రాసుకోవచ్చు. పుస్తకాలు ముందు థర్డియర్ వాళ్లు చూసుకోండి, డ్రాఫ్టరూ బోర్డూ ఫస్టియర్‌కు. తీసుకున్నవాళ్లు లోపలి అట్ట మీద నా పేరు కింద మీ పేరు రాయండి. శనివారం సాయంత్రం వరకు ఉంటా, ఆదివారం పొద్దున బస్సుకు ఊరెళ్తున్నా.

ఉంటా మరి,
శ్రావణి అక్క
ఫైనలియర్, సివిల్