టీమ్ లీడ్ ఉద్యోగం: మీ ఇంటర్వ్యూపై మా నిర్ణయం

నమస్తే అండి,

కస్టమర్ సపోర్ట్ టీమ్ లీడ్ ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం. ఈ ఒక్క మాట కోసం మీరు ఉత్తరమంతా వెతుక్కోకూడదని ముందే రాస్తున్నాను.

ఆ పోస్టుకు వేరొకరిని ఎంపిక చేశాం. వారు ఒప్పుకున్నారు, చేరే తేదీ కూడా ఖాయమైంది. కాబట్టి ఈ నిర్ణయం ఇక మారదు. వెయిటింగ్ లిస్టు అంటూ ఏదీ పెట్టుకోలేదు. మా నుంచి ఫోన్ వస్తుందేమోనని దయచేసి ఎదురుచూడకండి. చేతిలో ఇంకో ఆఫర్ ఉంటే మా కోసం ఆపుకోవద్దు.

రెండో రౌండు దాకా వచ్చిన ఐదుగురికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరంతా ఈ పని బాగా తెలిసినవాళ్లే. కోపంతో ఉన్న కస్టమర్‌కు జవాబు రాయమని మేమిచ్చిన పరీక్షకు మీరు పంపినవన్నీ నేనే కూర్చుని చదివాను. తప్పు మనదైనప్పుడు సాకులు చెప్పకుండా ఒప్పుకోవడం ఆ జవాబుల్లో కనిపించింది, అది నాకు చాలా నచ్చింది. చివరికి తేడా తెచ్చింది ఒక్కటే విషయం. ఈ టీమ్‌లో పన్నెండు మంది, సగం మందికి రాత్రి షిఫ్టు. షిఫ్టులు వేయడం, ఎవరైనా ఉన్నట్టుండి రాకపోతే సర్దుకోవడం మొదటి రోజు నుంచే చూసుకోవాలి. ఆ పని ఇంతకుముందు ఎక్కువ కాలం చేసినవారిని ఎంచుకున్నాం.

పది రోజుల్లో చెబుతామని మూడు వారాలు తీసుకున్నాం. ఆ రోజుల్లో మీకెంత టెన్షన్ అయి ఉంటుందో ఊహించగలను. కనీసం ఆలస్యమవుతోందన్న మాటైనా చెప్పి ఉండాల్సింది. తప్పు మాది, క్షమించండి.

మీ ఇంటర్వ్యూ ఎలా జరిగిందో తెలుసుకోవాలనుకుంటే వచ్చే శుక్రవారం లోపు ఈ మెయిల్‌కే జవాబివ్వండి. నేనే ఫోన్ చేసి ఒక పావుగంట మాట్లాడతాను. ఏ జవాబు బాగుందో, ఎక్కడ ఇంకాస్త వివరంగా చెప్పి ఉంటే బాగుండేదో దాచకుండా చెబుతాను. నిర్ణయం గురించి మళ్లీ ఆలోచించడానికి కాదు, తర్వాతి ఇంటర్వ్యూకు మీకు పనికొస్తుందని. అక్కర్లేదనిపిస్తే జవాబు ఇవ్వకపోయినా ఏమీ అనుకోం.

ఇంటర్వ్యూకు వచ్చిన ప్రయాణ ఖర్చుల టికెట్లు ఇంకా పంపకపోతే పంపండి, వారంలో డబ్బు వేస్తాం. మీరిచ్చిన సర్టిఫికెట్ల కాపీలు, రెజ్యూమె ఈ నెలాఖరుకు మా దగ్గర్నుంచి తీసేస్తాం. "మీ వివరాలు భద్రంగా ఉంచుకుంటాం" అని రాసి లేని ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. మున్ముందు మా ప్రకటనల్లో మీకు తగిన పోస్టు కనిపిస్తే మాత్రం తప్పకుండా అప్లై చేయండి. ఈసారి రాలేదన్నది అప్పుడు అడ్డు కాదు.

సెలవు పెట్టుకుని, శ్రమపడి రెండుసార్లు వచ్చారు. మీ సమయానికి, మీరు మనసు విప్పి చెప్పిన మాటలకు కృతజ్ఞతలు.

ఇట్లు,
మేనేజర్, కస్టమర్ సపోర్ట్ విభాగం
(మిమ్మల్ని రెండో రౌండులో ఇంటర్వ్యూ చేసింది నేనే)